మామ్మ దగ్గు, చుట్ట మీద పడ్డ నింద

ప్రశ్న: మా నానమ్మకి రెండు నెలలుగా దగ్గు తగ్గట్లేదు. డాక్టరు కళ్ళె పరీక్ష చేయించమన్నారు. టీబీ అంటారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉందా?

మా ఇంట్లో అందరం టీబీ అయితే బాగుణ్ణని మొక్కుకున్న రోజొకటి ఉంది. ఎందుకో చెప్తాను.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా మామ్మ అడ్డపొగ తాగే మనిషి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుందన్నమాట. మా వైపు పెద్దవాళ్ళలో ఇది కొత్తేం కాదు. అందుకే 2022 సంక్రాంతికి ముందు దగ్గు మొదలైతే ఎవరూ పట్టించుకోలేదు. చుట్ట తాగేవాళ్ళకి దగ్గు రాక ఏమొస్తుందని మా నాన్న అన్నారు. మెడికల్ షాపు నుంచి సిరప్పులు తెచ్చాం, నాలుగు సీసాలు ఖాళీ అయ్యాయి. అసలు రెండు వారాలు దాటిన దగ్గుకి సిరప్పు అమ్మకుండా ఒక చట్టం తేవాలని నా అభిప్రాయం.

తర్వాత టౌన్లో ఒక ప్రైవేటు డాక్టరు లెవోఫ్లాక్సాసిన్ వారం రోజులు రాశాడు. దగ్గు సగం తగ్గింది. అమ్మయ్య అనుకున్నాం. ఇరవై రోజులకి మళ్ళీ మొదలైంది. ఆ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది, చంపకుండా అణిచిపెడుతుంది, దాంతో అసలు జబ్బు బయటపడడం ఆలస్యమవుతుందని తర్వాత తెలిసింది. మా నెల రోజులు అలాగే పోయాయి.

ఈలోగా మామ్మ చిక్కిపోయింది. జ్వరం పెద్దగా లేదు, సాయంత్రం ఒళ్ళు కొంచెం వెచ్చబడేది, అంతే. ముసలివాళ్ళలో టీబీ ఇలాగే నెమ్మదిగా వస్తుందట, సినిమాల్లోలాగా రక్తం కక్కుకోవాలనేం లేదు. మాకు కనబడింది గాజులు. అంతకుముందు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండేవి, ఇప్పుడు చెయ్యెత్తితే మోచేతి దాకా జారిపోయేవి. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. చుట్ట సంగతి వినగానే డాక్టరు ముఖం మారింది. విశాఖ వెళ్ళి స్కానింగ్ తీయించమన్నాడు. ఆ రాత్రి ఇంట్లో క్యాన్సర్ అన్న మాట ఎవరూ పైకి అనలేదు, అన్నం కూడా ఎవరూ సరిగ్గా తినలేదు. మా అత్తయ్య మాత్రం మామ్మకి కంచం, గ్లాసు వేరు పెట్టి, గాలి తగిలితే దగ్గు ఎక్కువవుతుందని కిటికీలు మూసేసింది. టీబీ కంచాలతో అంటదు, మూసిన గదిలో గాలితోనే అంటుతుంది. అంటే మేం చేసిన రెండు పనులూ తలకిందులే.

కళ్ళె పరీక్ష చేయించమన్నది మా ఆశా అక్క. పీహెచ్‌సీలో డబ్బా ఇస్తే మామ్మ అక్కడే ఉమ్మి ఇచ్చేసింది. మైక్రోస్కోపులో ఏమీ లేదన్నారు. ఉండదు మరి, అది ఉత్త ఎంగిలి! పైగా మైక్రోస్కోపులో కనబడాలంటే ఒక మిల్లీలీటరు కళ్ళెలో దాదాపు 10 వేల క్రిములుండాలి. ల్యాబ్ టెక్నీషియన్ మంచివాడు, డబ్బా వెలుతురుకి ఎత్తి చూపించి, ఇది నీళ్ళలా ఉందమ్మా, జిగురుగా, పసుపుగా రావాలి, రేపు లేవగానే తీసుకురండి అన్నాడు. ఈసారి ట్రూనాట్‌లో పెడతానన్నాడు. గోవాలో తయారయ్యే చిన్న మిషను, క్రిమి డీఎన్‌ఏని పట్టేస్తుంది.

మర్నాడు ఐదింటికి పెరట్లో కూర్చోబెట్టాం. గదిలో చెయ్యకూడదు, బయట గాలి ఆడే చోటే. ముందు మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించింది. గట్టిగా ఊపిరి పీల్చి కాసేపు ఆపి వదలమన్నాను, రెండు సార్లు. మూడోసారి లోపల్నుంచి దగ్గమన్నాను. ‘ఏటిరా, దగ్గొద్దని నిన్నటిదాకా తిట్టేరు, ఇప్పుడు దగ్గమంటన్నారు’ అని నన్నే కసిరింది. పావుగంట పట్టింది. చివరికి చెంచాడు చిక్కటి కళ్ళె పడింది. మూత బిగించి, బండి మీద పట్టుకెళ్ళి ఇచ్చాను.

మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. టీబీ ఉంది. ఆ కళ్ళెతోనే ఇంకో పరీక్ష పెట్టి, టీబీకిచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందని సాయంత్రం చెప్పారు. మా నాన్న అరుగు మీద కూలబడి ఏడ్చారు. చూసినవాళ్ళకి ఏమనిపించిందో గానీ అది సంతోషమే. మందున్న జబ్బు కదా! చుట్టకి పూర్తిగా క్లీన్‌చిట్ ఇవ్వలేం లెండి, పొగ తాగేవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువే.

మామ్మ బరువు 38 కిలోలు, కాబట్టి రోజుకి మూడు మాత్రలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. అంతా ఉచితం. షుగరు, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేశారు, అందరికీ చేస్తారు, కంగారు పడకండి. పోషణకి నెలకి 500 ఖాతాలో వేసేవారు, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. మా అన్నయ్య కూతురికి అప్పుడు మూడేళ్ళు. దానికి జబ్బు లేదని తేల్చుకుని, రాకుండా ఆరు నెలలు ఐసోనియాజిడ్ ఇచ్చారు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మీరే అడగండి, మాకు అడిగితేనే ఇచ్చారు.

రెండో రోజు పెరట్లోంచి ఒకటే కేక. మూత్రం ఎర్రగా పోతోందని. రిఫాంపిసిన్ రంగు అది, ఏమీ కాదని ముందే చెప్పారు, మేం మామ్మకి చెప్పడం మర్చిపోయాం. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: కళ్ళు పచ్చబడడం, ఆగకుండా వాంతులు, చూపు మసకబారడం. వాటిలో ఏది కనబడినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మూడు వారాలకి దగ్గు తగ్గింది, రెండో నెలకి గాజులు కిందికి జారడం మానేశాయి. అప్పుడు మొదలైంది అసలు గొడవ. ‘తగ్గిపోనాది కదా, మరెందుకు’ అని మాత్రలు దిండు కింద దాచేసేది. మూడు దొరికాయి నాకు. దగ్గు పోయినా క్రిములు మిగిలే ఉంటాయి, మధ్యలో మానేస్తే అవి మందుకి లొంగకుండా తయారవుతాయి. అందుకని మింగాక నోరు తెరిచి చూపించాల్సిందేనని రూలు పెట్టాను. నాలుగు నెలలు నన్ను పోలీసోడనే పిలిచింది.

ఆరో నెల చివర మళ్ళీ కళ్ళె పరీక్ష, ఈసారి మైక్రోస్కోపులోనే. ట్రూనాట్ చచ్చిన క్రిముల్ని కూడా చూపిస్తుందట. మళ్ళీ ఐదింటికి పెరట్లో పీట. మామ్మ పుక్కిలించింది, ఊపిరి పీల్చింది, దగ్గింది. ఏమీ పడలేదు. మళ్ళీ దగ్గింది. డబ్బా నా చేతికిచ్చేసి, ‘నేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చీదిరా, పోలీసోడా’ అంది.