డిఫర్డ్ రెవెన్యూలో 4,320 మిగిలిపోయింది

"కావలిలో రొయ్యల చెరువుల లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. జనవరి 1న ఒంగోలు రైతుకు ఏడాది బిల్లు 28,320 వేశాం. నెలకు 2,000 ఆదాయంలోకి మార్చాను. 12 నెలలైనా డిఫర్డ్ రెవెన్యూలో 4,320 ఉంది. ఎందుకు?"

ఆ 4,320 జీఎస్టీ అండీ. 24,000 మీద 18 శాతం సరిగ్గా అంతే. బిల్లు మొత్తాన్నీ డిఫర్డ్ రెవెన్యూలో వేసేశారు.

చాలామంది తప్పేది ఇక్కడే. ఆదాయాన్ని 12 నెలలకు పంచుతాం కానీ పన్నును పంచం. అది మన డబ్బు కాదు, బిల్లు వేసిన నెల రిటర్న్‌లోనే మొత్తం చూపాలి.

1. బిల్లు రోజు పడాల్సిన ఎంట్రీ:

```
డెబిట్  కస్టమర్            28,320
క్రెడిట్ డిఫర్డ్ రెవెన్యూ    24,000
క్రెడిట్ అవుట్‌పుట్ CGST      2,160
క్రెడిట్ అవుట్‌పుట్ SGST      2,160
```

2. ఇప్పుడు సరిదిద్దడానికి డిఫర్డ్ రెవెన్యూకు 4,320 డెబిట్, ఆ రెండు పన్ను ఖాతాలకు 2,160 చొప్పున క్రెడిట్ ఇవ్వండి.

3. తర్వాత పన్ను ఖాతాలు చూడండి. అప్పట్లో కట్టి ఆ ఖాతాల్లోనే రాసి ఉంటే సున్నా అవుతాయి. క్రెడిట్ మిగిలితే జనవరి GSTR-3B తెరిచి చూడండి. అందులో ఈ బిల్లు లేకపోతే పన్ను ఇంకా బాకీయే, వడ్డీతో కట్టాలి. దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో డిఫర్డ్ రెవెన్యూ 18,000 ఉండాలి. మీ దగ్గర 22,320 చూపించి ఉంటుంది, ఆడిటర్‌కు చెప్పండి.