పద్నాలుగు మెయిళ్ళు, ఆరు నిమిషాల వీడియో

చిత్తూరు

అమ్మా,

మీ లెక్కల మేడమ్ రిటైర్మెంట్ వీడియో కోసం ఆమెతో పనిచేసినవాళ్ళు రాస్తే నువ్వు నాకు పంపించిన 14 మెయిళ్ళూ ప్రింటు తీయించుకుని రెండు రాత్రులు చదివాను. రిటైర్మెంట్ ఈ నెలాఖరుకే కాబట్టి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. చాలు, టెన్షన్ పడకు. "వీటన్నిటినీ కలిపి మంచి తెలుగులో ఒక స్క్రిప్టు రాసేస్తాను సార్" అన్నావు చూడు, ఆ ఒక్క మాట దగ్గర నిన్ను ఆపాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిసారి నేనూ అదే చేశాను. మాతో పనిచేసిన ఒక సైన్సు మాస్టారు రిటైరవుతుంటే, అందరూ రాసిచ్చిన కాగితాలు తీసుకుని, పొగడ్తలన్నీ ఏరి, ఒకే గొంతుతో చదివేలా నున్నగా వ్యాసం రాశాను. సభలో చప్పట్లు బాగానే కొట్టారు. ఆయన మాత్రం ఇంటికి వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, "బాగుంది. ఇందులో ఎవరు ఏం చెప్పారో నాకు తెలియలేదు" అన్నారు. ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసిన మనుషులు తన గురించి ఏం గుర్తుపెట్టుకున్నారో వినాలని ఆయన కూర్చున్నారు. ఆయనకు వినిపించింది నా తెలుగు.

అందుకని ముందు ఒక పని చెయ్యి. ప్రింటు మీద ఎర్ర పెన్నుతో, రాసినవాళ్ళు కళ్ళతో చూసినదీ చెవులతో విన్నదీ మాత్రమే గీత గియ్యి. నేను గీశాను. 'అంకితభావం' తొమ్మిది మెయిళ్ళలో ఉంది, 'సమయపాలన' ఏడింటిలో, 'ఆదర్శం' దాదాపు అన్నిటిలో. వీటిలో ఒక్కదానికీ గీత పడలేదు. ఈ మాటలు అబద్ధమని కాదు. ఏ టీచరు సభలోనైనా ఇవే వినపడతాయి కాబట్టి మేడమ్ చెవికి ఆనవు.

మీ సైన్సు టీచరు మెయిల్ చూడు. ఒకటిన్నర పేజీ రాసింది. 'అద్భుతమైన బోధనా నైపుణ్యం' అని నాలుగుసార్లు అంది. మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం: శాతాల పాఠం తోతాపురి కాయలతో చెప్పేవారట. మండీలో టన్నుకు 50 కిలోలు తరుగు తీస్తే నూటికి ఎన్ని కిలోలు పోయినట్టు అని అడిగితే, మామిడి తోటల పిల్లలు లెక్క చేయకముందే "ఐదు, మేడమ్" అని అరిచేవాళ్ళట. ఆ పేజీన్నరలో నువ్వు ఉంచాల్సింది ఇదొక్కటే. పిల్లలు ఎందుకంత తొందరగా చెప్పారో మన వైపు ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇక నిడివి. తెలుగు మాట పొడుగు. నేను వాచీ పెట్టుకుని నిదానంగా చదివితే నిమిషానికి 90 మాటలు దాటవు. ఆరు నిమిషాల వీడియోలో ఫోటోల మీద కాసేపు మౌనం ఉండాలి కదా, కాబట్టి గొంతుకు మిగిలేది 400 మాటలు. మెయిళ్ళన్నీ కలిపితే మూడు వేలకు పైనే ఉన్నాయి. అంటే ఎనిమిదింట ఏడు వంతులు పోతాయి. ఏది పోవాలో తేల్చడానికి ఒక దారం కావాలి. అది మెయిళ్ళలోనే ఉంది, కానీ ఏ ఒక్కరూ పూర్తిగా రాయలేదు.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చదువు. హిందీ మాస్టారు, "నేనెంత పొద్దున వచ్చినా మేడమ్ స్కూటర్ వేపచెట్టు కింద ఉండేది" అన్నారు. ఇప్పుడు మదనపల్లెలో ఉన్న సోషల్ టీచరు, "బడి మొదలవకముందే వరండాలో నలుగురైదుగురు పిల్లలు నోటుబుక్కులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు, ట్యూషనేమో అనుకున్నాను" అని రాసింది. హెడ్మాస్టరు మెయిల్ చివర, గేటు తాళంచెవి ఒకటి మేడమ్ దగ్గర ఉండేదని ఒక ముక్క. పీఈటీ సారు, "పిల్లలు గ్రౌండుకు ఆలస్యంగా వస్తున్నారని మేడమ్‌తో గొడవపడ్డాను, సంగతి తెలిశాక వెళ్ళి సారీ చెప్పాను" అన్నారు.

చూశావా? నలుగురూ ఒకే ఉదయాన్ని నాలుగు మూలల నుంచి చూశారు. నీ వీడియోకి వెన్నెముక ఆ వరండా. స్కూటరుతో మొదలుపెట్టి, తాళంచెవి, పిల్లలు, పీఈటీ సారు గొడవ, ఆ వరసలో వెళ్ళు. పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, ఉద్యోగంలో చేరిన తేదీ వద్దు. అవి సన్మానపత్రంలో ఎలాగూ చదువుతారు.

ఇక్కడే పెద్ద ప్రమాదం. ఆ పిల్లలు ఎవరు, మేడమ్ ఎందుకు అంత పొద్దున వచ్చేవారు అన్నది నాలుగు మెయిళ్ళలోనూ లేదు. చెయ్యి దురద పెడుతుంది, 'పేద విద్యార్థుల కోసం ఉచితంగా ప్రత్యేక తరగతులు నిర్వహించారు' అని రాసేస్తావు. రాయకు. పాకాల వైపు నుంచి పొద్దుటి రైలుకు వచ్చే పిల్లలు కావచ్చు, ఇంట్లో చదువుకునే చోటు లేనివాళ్ళు కావచ్చు, లెక్కల్లో తప్పినవాళ్ళు కావచ్చు. మనకు తెలియదు. పీఈటీ సారుకు ఫోన్ చేసి, "మీకు తెలిసిన ఆ సంగతి ఏమిటి సార్?" అని ఒక్క ప్రశ్న అడుగు. ఆయన చెప్పేది ఆయన మాటల్లోనే ఫోన్లో రికార్డు చేసుకో. నువ్వూ నేనూ రాయగల వాక్యం దానికి సాటిరాదు.

తిరగరాయడం అంటే ఏమిటో ఒక మెయిల్ తీసుకుని చూపిస్తాను. ఇంగ్లీషు టీచరు ఇలా రాసింది: "నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో మేడమ్ గారు నాకు ఎంతో సహాయ సహకారాలు అందించారు. నా మొట్టమొదటి ఇన్‌స్పెక్షన్ సందర్భంగా లెసన్ ప్లాన్ ఇంటివద్ద మరచిపోయిన తరుణంలో వారు తమ పీరియడ్‌ను నాకు ఇచ్చి ఆదుకున్న వైనం మరువలేనిది."

మొదట నేను దాన్ని ఇలా మార్చాను: "నా మొదటి ఇన్‌స్పెక్షన్. లెసన్ ప్లాన్ ఇంట్లో మర్చిపోయాను. చేతులు వణుకుతున్నాయి. మేడమ్ నా క్లాసుకు తను వెళ్ళి, నన్ను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి మళ్ళీ రాయించారు." చదవడానికి బాగుంది. కానీ చేతులు వణకడం నేను పుట్టించింది. స్టాఫ్ రూము కూడా నాదే. పైగా 'పీరియడ్ ఇచ్చి' అంటే మేడమ్ ఆ క్లాసుకు వెళ్ళారా, లేక తన ఖాళీ పీరియడ్‌లో పక్కన కూర్చుని రాయించారా? రెండూ వేరు. అందుకని రెండోసారి ఇంతే ఉంచాను: "నా మొదటి ఇన్‌స్పెక్షన్ రోజు లెసన్ ప్లాన్ ఇంట్లో మర్చిపోయాను. మేడమ్ తన పీరియడ్ నాకిచ్చారు." పక్కన పెన్సిల్‌తో 'ఎలా? అడగాలి' అని రాసుకున్నాను.

కొలత ఇదే. వాక్యం పొట్టి చేయవచ్చు, వరస మార్చవచ్చు, 'తరుణంలో', 'వైనం' లాంటివి తీసేసి నోటితో పలికేలా చేయవచ్చు. కొత్త వస్తువు ఒక్కటి కూడా చేర్చకూడదు. మార్చిన ప్రతి వాక్యాన్నీ రాసినవాళ్ళకు వాట్సాప్‌లో పంపి, "ఇది మీ మాటేనా?" అని అడుగు. ఈ ఇంగ్లీషు టీచరును తప్పకుండా అడగాలి. సభలో ఎంఈఓ గారు ముందు వరసలో కూర్చుంటారు. మేడమ్‌కు రాసుకున్న సంగతి ఆయన ముందు వినిపించడం ఆ అమ్మాయికి ఇష్టమో కాదో. వద్దంటే బతిమాలకుండా తీసెయ్.

వరద సంగతి ఒకటుంది. ఇద్దరు రాశారు, రికార్డులు తడవకుండా మేడమ్ బీరువా పై అరల్లోకి ఎక్కించారని. ఒకరు 2015 నవంబరు అన్నారు, ఇంకొకరు 2021 నవంబరు. మన వైపు రెండేళ్ళూ వానలు దంచికొట్టాయి కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. అయితే రెండో మెయిల్లో "మాస్కులు తడిసి ముద్దయ్యాయి" అని ఉంది. అంటే కరోనా తర్వాతి మాట, 2021 అయ్యుండాలి. అయినా మొదటివారిని ఒకసారి అడుగు, రెండు వేర్వేరు వానలు కూడా కావచ్చు. తేలకపోతే సంవత్సరం తీసేసి "వరద వచ్చిన ఏడు" అని ఊరుకో. అలాగే మీ చంద్రగిరి 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా. మేడమ్ 2004లో చేరిన బడిని 'తిరుపతి జిల్లా' అని రాస్తే పాత పిల్లలు ఎవరో ఒకరు అక్కడే పట్టుకుంటారు.

కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమ వైపు కనిపించేది, కుడి వైపు వినిపించేది రాసుకో. ఇలా:

కనిపించేది: వేపచెట్టు, కింద ఖాళీ స్థలం. ఐదు సెకన్లు.
వినిపించేది: (హిందీ మాస్టారి గొంతు) "నేనెంత పొద్దున వచ్చినా మేడమ్ స్కూటర్ ఇక్కడ ఉండేది."

కనిపించేది: తాళంచెవి, దగ్గరగా.
వినిపించేది: (హెడ్మాస్టరు) "గేటు తాళంచెవి ఒకటి మేడమ్ దగ్గరే ఉండేది."

ఎవరి మాట వాళ్ళే చదవాలి. మదనపల్లె టీచరు ఫోన్లో రికార్డు చేసి పంపిస్తుంది. ఫ్యాన్ ఆపి, తలుపు మూసి చదవమను. కింద పెద్ద అక్షరాలతో మాట్లాడేవాళ్ళ పేరు వెయ్యి. మీ హాల్లో పగటిపూట తెర మీద బొమ్మ వెలవెలబోతుంది, అందుకే గొంతు ఒక్కటే విన్నా కథ అర్థమయ్యేలా ఉండాలి. కళ్ళు మూసుకుని ఒకసారి మొత్తం విను.

మెయిల్ పంపనివాళ్ళ లెక్క కూడా తీయి. ఒకసారి నేను ఒకరి ఉత్తరం చూసుకోలేదు. ఆయన వీడియో అయిపోయేదాకా తన వంతు కోసం చూసి, భోజనాలకు ఆగకుండా వెళ్ళిపోయారు. నాకు ఇప్పటికీ బాధే. స్టాఫ్ జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరుకూ టిక్కు పెట్టు. ఒక్క వాక్యానికైనా చోటు లేనివాళ్ళ పేర్లు చివర తెర మీద రావాలి. తీసేసిన పొగడ్తలు కూడా పారెయ్యొద్దు. 14 మెయిళ్ళూ యథాతథంగా ప్రింటు తీసి, బైండింగు చేయించి ఆ రోజు మేడమ్ చేతికివ్వు. అవి ఆమెకు రాసిన ఉత్తరాలు.

మీ స్టాఫులో మెయిల్ రాయని మనిషి ఒకరు ఉన్నారు, అటెండరు. మేడమ్ కంటే ముందు ఆ గేటు తెరవాల్సిన మనిషి ఆయనే కదా. తాళంచెవి మేడమ్ చేతికి ఎలా వచ్చిందో, ఆ పిల్లలు ఎవరో ఆయనకు తెలిసే ఉంటుంది. మెయిలు ఐడీ లేదని ఎవరూ అడిగి ఉండరు. రేపు సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర కాసేపు కూర్చుని అడుగు. ఆయన చెప్పింది విన్నాకే స్క్రిప్టు మొదటి వాక్యం రాయి. రాశాక నాకు పంపు, ఆదివారం చూసి పెడతాను.

మీ
తెలుగు మాస్టారు