ఐఆర్‌ఎస్ వాయిదాలు: నెలకి ఎంత పెట్టుకోవాలి?

"అమెరికాలో ఐఆర్‌ఎస్‌కి పన్ను కట్టాలి, చేతిలో అంత డబ్బు లేదు. వాయిదాలు పెట్టుకోవచ్చా? నెలకి ఎంత అని రాయాలి?"

పెట్టుకోవచ్చండి. తక్కువ రాయండి. నేను బడాయికి పోయి ఎక్కువ రాసి దెబ్బతిన్నాను.

ఆ ఏడాది కంపెనీ ఇచ్చిన షేర్ల మీద 22 శాతమే పన్ను పట్టుకున్నారు. నా శ్లాబు 32. ఈ తేడా సంగతి కంపెనీలో ఒక్కరూ చెప్పరు, షేర్లు వచ్చిన రోజు కేకు మాత్రం కోస్తారు. రిటర్న్ చేసిపెట్టే ఆయన లెక్క కట్టి 14,000 డాలర్లు తేల్చాడు. పైగా "ఎక్స్‌టెన్షన్ వేశాం, అక్టోబర్ దాకా టైం ఉంది" అన్నాడు. ఆ టైం ఫారం వెయ్యడానికే, డబ్బు కట్టడానికి కాదు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నెలకి అర శాతం పెనాల్టీ, పైగా ఏడాదికి 7 శాతం లెక్కన వడ్డీ కలిసి 900 దాటాయి. అసలు రిటర్నే వెయ్యకపోతే పెనాల్టీ నెలకి 5 శాతం. కాబట్టి డబ్బు లేకపోయినా ముందు రిటర్న్ వెయ్యండి.

irs.govలో Online Payment Agreement అనే పేజీలో పావుగంటలో పని అయిపోయింది. బాకీ 50,000 లోపు ఉంటే దాదాపు ఎవరికైనా ఇస్తారు. బ్యాంకు నుంచి నేరుగా లాగేలా పెడితే ఫీజు 22 డాలర్లు. పెనాల్టీ, వడ్డీ కలిపిన నా బాకీని 72 నెలలకి పంచితే నెలకి 207 పడుతుంది. మా ఆవిడ "400 పెట్టు" అంది. నేను 1,000 పెట్టాను. మూడో నెలలో కారు పాడైంది, ఖాతాలో డబ్బు లేదు, వాయిదా వెనక్కి పోయింది. కొన్నాళ్లకి CP523 నోటీసు వచ్చింది, అగ్రిమెంట్ రద్దు చేస్తామని. ఆ టెన్షన్‌లో రెండు రాత్రులు నిద్ర లేదు. గడువులోగా తప్పిన వాయిదా కట్టి గట్టెక్కాను. వాయిదా తప్పకముందే అదే పేజీలో 10 డాలర్లు కట్టి అంకె తగ్గించుకోవచ్చని అప్పుడు తెలిసింది. చివరికి మా ఆవిడ చెప్పిన 400కే దిగాను, చేతిలో డబ్బున్న నెల irs.govలోని Direct Payలో అదనంగా కట్టేవాణ్ణి.

అగ్రిమెంట్ నడిచినన్నాళ్లూ నెలకి అర శాతం పెనాల్టీ పావు శాతానికి తగ్గుతుంది, అయితే రిటర్న్ టైంకి వేసి ఉండాలి. వడ్డీ మాత్రం తగ్గదు. మరుసటి ఏడాది రిఫండ్ వస్తే బాకీలోకి లాగేసుకుంటారు, అది ఆ నెల వాయిదా కింద లెక్క కాదు.

ఇంకోటి, కొత్త ఏడాది పన్ను కూడా బాకీ పడితే అగ్రిమెంట్ పోతుంది. అందుకే నేను కంపెనీకి ఇచ్చే W-4 ఫారంలో 4(c) గడిలో జీతానికి ఇంత అదనంగా పట్టుకోమని రాసిచ్చాను.