స్టాక్డ్ బార్‌లో మధ్య ముక్కతో జాగ్రత్త

ప్రశ్న: మొత్తంలో మూడు భాగాలు ఐదేళ్లలో ఎలా మారాయో రిపోర్టులో చూపించాలి. స్టాక్డ్ బార్ వేయమని ఒకరు, గ్రూప్డ్ బార్ వేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది వేయాలి?

మీ రిపోర్టు చదివేవాళ్లు మొత్తాన్ని చూడాలా, లేక ఒక్కో భాగం పెరిగిందో తగ్గిందో చూడాలా? ముందు అది తేల్చుకోండి. నేను తేల్చుకోకుండా వేసి ఒకసారి బాగానే ఇబ్బంది పడ్డాను.

అప్పట్లో మా టీమ్‌కు వచ్చే ఫిర్యాదుల లెక్క చూసేవాణ్ణి. ఫోన్, ఈమెయిల్, చాట్ అని మూడు దారుల్లో వచ్చేవి. అంకెలు ఇక్కడ మార్చి రాస్తున్నాను, తీరు మాత్రం అదే. 2019లో ఫోన్ 120, ఈమెయిల్ 90, చాట్ 30, మొత్తం 240. 2023కి వచ్చేసరికి ఫోన్ 210, ఈమెయిల్ 76, చాట్ 114, మొత్తం 400. మధ్య ఏళ్లలో కూడా ఈమెయిల్ కొద్దికొద్దిగా తగ్గుతూనే వచ్చింది: 88, 84, 81.

నేను స్టాక్డ్ బార్ వేశాను. అడుగున ఫోన్, దాని మీద ఈమెయిల్, పైన చాట్. మీటింగ్‌లో మా మేనేజర్ చూసి, "ఈమెయిల్ కూడా పెరుగుతోందిగా, అక్కడ ఇంకో మనిషిని పెడదామా?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఈమెయిల్ ముక్క పై అంచు 2019లో 210 దగ్గర ఉంది (120, 90 కలిపి), 2023లో 286 దగ్గర ఉంది. ముక్క చిక్కిపోతున్నా, కింద ఫోన్ దాన్ని పైకి మోసుకెళ్తోంది. కన్ను అంచును చూస్తుంది, మందాన్ని కొలవదు. ఒకే గీత మీద నిలబడ్డవాటి ఎత్తులను పోల్చినంత బాగా, గాల్లో వేలాడే ముక్కల పొడవులను మనం పోల్చలేమని క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1984లోనే ప్రయోగాలు చేసి చూపించారు. స్టాక్డ్ బార్‌లో సున్నా గీత నుంచి నేరుగా చదవగలిగేవి రెండే: అడుగు ముక్క, మొత్తం ఎత్తు.

మర్నాడు గ్రూప్డ్ బార్ వేశాను. మొదటిసారి అదీ కుదరలేదు. నా ఎక్సెల్ షీట్‌లో ఏళ్లు వరుసల్లో ఉండటంతో ఒక్కో ఏడాదికి మూడు బార్ల గుంపు వచ్చింది. ఈమెయిల్ ఒక్కదాన్ని చూడాలంటే గుంపు నుంచి గుంపుకి దూకాలి. Switch Row/Column నొక్కితే తిరగబడి ఫోన్‌కి ఐదు బార్లు, ఈమెయిల్‌కి ఐదు, చాట్‌కి ఐదు పక్కపక్కనే వచ్చాయి. ఈమెయిల్ మెట్లు దిగుతున్నట్టు కనిపించింది. గ్రూప్డ్ బార్ బాలేదనే చాలామంది ఈ తిప్పడం దగ్గరే ఆగిపోతారని నా అనుమానం. పైథాన్‌లోని పాండాస్‌లో అయితే, ఏళ్లు ఇండెక్స్‌గా వరుసల్లో ఉన్నప్పుడు ఇంతే:

```python
df.T.plot.bar()
df[["email", "phone", "chat"]].plot.bar(stacked=True)
```

మొదటి లైను తిప్పిన గ్రూప్డ్ బార్. దీనిలో పోయేది మొత్తం: 240 కాస్తా 400 అయిందని ఎక్కడా కనపడదు. నేను దాన్ని శీర్షికలోనే మాటల్లో రాసేశాను. రెండో లైను మధ్యేమార్గం. మొత్తం కూడా కనపడాలి, చెప్పాల్సిన విషయం మాత్రం ఒకే భాగం గురించి అయితే, స్టాక్డ్ బారే ఉంచి ఆ భాగాన్ని అడుగుకి దించండి. మొదట రాసిన కాలమే అడుగున వస్తుంది.

వంద శాతం స్టాక్డ్ బార్ వేయమని కూడా ఎవరో ఒకరు అంటారు. వాటాలే ముఖ్యమైతే మంచిదే, పై ముక్కకు కూడా వంద గీత ఆసరా దొరుకుతుంది. కానీ మా లెక్కలో ఫోన్ వాటా 50 శాతం నుంచి 52.5కి వచ్చింది, అంతే. చార్టు చూస్తే ఫోన్ దగ్గర ఏ టెన్షన్ లేనట్టే ఉంటుంది. అసలు కాల్స్ చూస్తే 120 నుంచి 210, అంటే 75 శాతం ఎక్కువ. ఫోన్ ఎత్తేవాళ్లకు ఆ చార్టు చూపిస్తే నవ్వుతారు.

వేశాక ఒక పరీక్ష పెట్టండి. అంకెల లేబుళ్లు తీసేసి, డేటా తెలియని ఒకరికి చూపించి "మధ్య ముక్క ఏ ఏడాది పెద్దది?" అని అడగండి. తడబడితే ఆ చార్టు ఆ పనికి రాదు. మీకు మూడు భాగాలే కాబట్టి తిప్పిన గ్రూప్డ్ బార్ సరిపోతుంది. ఏడెనిమిది భాగాలు, పదేళ్లు అయితే బార్లు వదిలేసి లైన్ చార్ట్ వేస్తాను.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. ఒకే ఫిర్యాదు ఫోన్‌లోనూ చాట్‌లోనూ రెండుసార్లు లెక్కకొస్తుంటే స్టాక్డ్ బార్ అసలు వేయకూడదు. ఆ బార్ ఎత్తు అసలు ఫిర్యాదుల సంఖ్య కంటే ఎక్కువ చూపిస్తుంది.