ఆయిల్ రీక్లమేషన్ తర్వాత ఫర్ఫ్యూరల్ తగ్గింది, పేపర్ బాగున్నట్టేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర ప్లాంట్ అండి. 22 ఏళ్ల 33/11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పోయిన ఏడాది ఫర్ఫ్యూరల్ 1.9 పీపీఎం వచ్చింది. నాలుగు నెలల కిందట ఆయిల్ రీక్లమేషన్ చేయించాం. ఇప్పుడు 0.14 పీపీఎం. ల్యాబ్ వాళ్లు డీపీ 675 అని రాశారు. ఇక టెన్షన్ లేదనుకోవచ్చా?

జవాబు:

లేదండి, అలా అనుకోవద్దు. ఆ 675ని పక్కన పెట్టండి. మీ పేపర్ గురించి మీ దగ్గరున్న నిజమైన సమాచారం పాత రిపోర్టులోని 1.9 మాత్రమే.

వైండింగ్ మీద చుట్టిన పేపర్ అంతా సెల్యులోజే. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ ముక్కలు గొలుసులా అల్లుకున్న పదార్థం. ఒక్కో గొలుసులో సగటున ఎన్ని ముక్కలున్నాయో చెప్పే అంకె డీపీ. కొత్త పేపర్‌లో అది 1000 చుట్టుపక్కల ఉంటుంది. 200కి దిగితే పేపర్‌లో బలం పోయినట్టే. వేడి, తేమ, ఆమ్లం ఆ గొలుసుల్ని తెంపుతాయి. తెగినవి మళ్లీ అతుక్కోవు, కాబట్టి డీపీ ఎప్పుడూ దిగడమే తప్ప ఎక్కడం ఉండదు. గొలుసు తెగినప్పుడు విడిపోయిన గ్లూకోజ్ ముక్కల నుంచి ఫర్ఫ్యూరల్ పుట్టి, కొంత ఆయిల్‌లోకి వస్తుంది. ఎక్కువ భాగం మాత్రం పేపర్‌లోనే ఉండిపోతుంది.

మీ ల్యాబ్ వాడిన సూత్రం ఇదై ఉంటుంది, ఇందులో 2FAL అంటే పీపీఎంలో ఫర్ఫ్యూరల్:

`log10(2FAL) = 1.51 − 0.0035 × DP`

0.14 పెడితే 675 వస్తుంది. 1.9 పెడితే దాదాపు 352. ఏడాదిలో డీపీ 352 నుంచి 675కి పెరగడం జరగని పని. రీక్లమేషన్‌లో ఆయిల్‌ను ఫుల్లర్స్ ఎర్త్ మట్టి గుండా పంపుతారు. ఆ మట్టి ఆమ్లాలతో పాటు ఫర్ఫ్యూరల్‌నూ పీల్చేస్తుంది. సాక్ష్యం కడుక్కుపోయింది, పేపర్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నేను ఈ తప్పు దగ్గరుండి చూశాను. బొబ్బిలి వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాడిని. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫర్ఫ్యూరల్ 2.4 వచ్చింది, అంటే డీపీ 323 చుట్టూ. ఆయిల్ శుద్ధి చేయించాక మూడు వారాలకు 0.09 వచ్చింది. సూత్రం ప్రకారం డీపీ 730! రీవైండింగ్‌కు అడిగిన డబ్బు యాజమాన్యం ఆపేసింది, ఆ నోట్ మీద నేనూ సంతకం పెట్టాను. 14 నెలల తర్వాత శాంపిల్ తీస్తే 0.8. పేపర్‌లో నిలవున్న ఫర్ఫ్యూరల్ మెల్లగా ఆయిల్‌లోకి దిగుతోందన్నమాట. అప్పుడైనా గట్టిగా అడగాల్సింది.

ఆ వానాకాలం 11 కేవీ ఫీడర్ మీద చెట్టు పడి షార్ట్ అయింది. ఆ దెబ్బకు ఒక ఫేజ్ వైండింగ్ పోయింది. రిపేరు షెడ్డులో విప్పి, మూడు చోట్ల పేపర్ తీయించి డీపీ కొలిపించాం. పేపర్‌ను కాపర్ ఇథిలీన్‌డయామిన్ ద్రావణంలో కరిగించి దాని చిక్కదనం కొలుస్తారు. గొలుసులు పొడవుగా ఉంటే ద్రావణం చిక్కగా ఉంటుంది. పైన లీడ్ల మీద పేపర్ 410, వైండింగ్ మధ్యలో 330, లోపలి ఎల్‌వీ వైండింగ్ పై చుట్ల దగ్గర 190. అక్కడి పేపర్ వేళ్ల మధ్య బెల్లపు రంగు పొడిగా రాలింది. నాకు ఇప్పటికీ ఆ స్పర్శ గుర్తుంది.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఇంకొకటుంది. ఫర్ఫ్యూరల్ చెప్పేది మొత్తం పేపర్ సగటు, కానీ ట్రాన్స్‌ఫార్మర్ పోయేది అత్యంత వేడి తగిలిన చోట. పైగా అరిగిపోయిన పేపర్ ఆయిల్‌లో నానుతూ ఉన్నంత కాలం వోల్టేజీని బాగానే ఆపుతుంది. మెగ్గర్ రీడింగులూ బీడీవీ టెస్టులూ బాగానే వస్తాయి. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు వైండింగ్ కుదుపుకు ఆగలేకపోవడమే అసలు ప్రమాదం.

మీరు ఇప్పుడు చేయాల్సింది: 0.14ను కొత్త ప్రారంభ రేఖగా రాసుకోండి, డీపీగా మార్చకండి. ఆరు నెలలకోసారి శాంపిల్ తీయండి. వీలైనంత ఒకే లోడ్ మీద, ఒకే ఆయిల్ ఉష్ణోగ్రత దగ్గర తీయండి. ఆయిల్ వేడెక్కితే పేపర్‌లోని ఫర్ఫ్యూరల్ ఎక్కువగా బయటికి వస్తుంది, అంకె దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది. సీసా వెలుతురు పడని రంగు గాజుదై ఉండాలి. కార్బన్ డయాక్సైడ్, మోనాక్సైడ్ రీడింగులు కూడా రీక్లమేషన్‌లో వాక్యూమ్ పెట్టి ఉంటే దాదాపు సున్నాకు పోయి ఉంటాయి, వాటినీ అప్పటి నుంచే లెక్కించాలి.

నేమ్‌ప్లేట్ మీద గాని, తయారీదారు కాగితాల్లో గాని పేపర్ రకం చూడండి. అది థర్మల్లీ అప్‌గ్రేడెడ్ అయితే ఫర్ఫ్యూరల్ ఎంత పాడైనా తక్కువే వస్తుంది, పై సూత్రం పనికిరాదు.

ఎప్పుడైనా గాస్కెట్ కోసమో ట్యాప్ ఛేంజర్ కోసమో మూత తీస్తే, నిపుణుడి చేత లీడ్ పైపొర నుంచి చిన్న పేపర్ ముక్క తీయించండి. అది 410లా బాగున్నట్టు కనిపించినా, పై చుట్ల దగ్గర అంతకంటే తక్కువ ఉందనే లెక్కన చూడండి. అప్పటిదాకా 11 కేవీ లైన్ల పక్క కొమ్మలు కొట్టించండి, ఫీడర్ రిలేలు సరిగ్గా పనిచేస్తున్నాయో టెస్ట్ చేయించండి. ఆ పాత 1.9 రిపోర్టును ఫైలులో పైన పెట్టి, రీవైండింగ్ అంచనా ఇప్పుడే తెప్పించుకోండి.