పిల్లర్ గుంతల మట్టి: తవ్వకం గుంతలో, రవాణా ట్రాక్టర్‌లో కొలవాలి

ప్రశ్న: విజయనగరంలో 12 పిల్లర్లతో ఇల్లు కడుతున్నాం. ఫుటింగ్ 4 అడుగులే అయితే మేస్త్రి తవ్వకానికి రెట్టింపు కంటే ఎక్కువ లెక్క చెబుతున్నాడు. మోసమా? ప్రహరీకీ ఇలాగే లెక్క వేయాలా?

మీ మేస్త్రి చెప్పింది నిజమే. మోసం జరిగేది ఇక్కడ కాదు, తర్వాత బిల్లు దగ్గర. శ్రీకాకుళంలో మా నాన్నగారి ఇంటికి అదే జరిగింది.

అక్కడా 12 పిల్లర్లే. ఫుటింగ్ 4 అడుగుల చదరం, గుంత లోతు 5 అడుగులు. గుత్తేదారు మొదట ఇచ్చిన అంచనాలో నాలుగు, నాలుగు, ఐదు గుణించి, గుంతకు 80 చొప్పున మొత్తం 960 ఘనపు అడుగులు అని రాశాడు. నాన్నగారు సంతోషించారు. కానీ సరిగ్గా 4 అడుగులే తవ్విన గుంతలో సెంట్రింగ్ చెక్క ఎక్కడ నిలబెడతారు? మనిషి ఎక్కడ కూర్చుని దాన్ని బిగిస్తాడు? చెక్క లేకుండా మట్టికి ఆనించి పోస్తే అంచు మట్టి విరిగి కాంక్రీట్‌లో పడుతుంది, పొడి నేల అందులోని నీటిని పీల్చేస్తుంది. అందుకే ఫుటింగ్‌కు నాలుగు వైపులా ఒక్కో అడుగు వదలాలి. గుంత 6 అడుగుల చదరం అవుతుంది. ఒక్కోటి 180, పన్నెండుకు 2160 ఘనపు అడుగులు. పక్కకు ఒక్క అడుగే కదా అనిపిస్తుంది, తవ్వకం మాత్రం రెండుంపావు రెట్లయింది. ఇది గట్టి ఎర్రమట్టి నేలకు సరిపోయే లెక్క. నాగావళి ఒడ్డున ఉండే ఇసుక నేలలో అంచులు నిలువుగా నిలవవు, వాలుగా తవ్వాలి కాబట్టి ఇంకా పెరుగుతుంది.

మా స్థలంలో మట్టి పోసుకునే చోటు లేదు. తవ్విందంతా ట్రాక్టర్లలో మా కళ్లానికి తోలించాం. ట్రక్కు నిండా 100 ఘనపు అడుగులు పడుతుంది. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను, 27 ట్రిప్పులు వెళ్లాయి. తవ్వకం కూలి బిల్లులో గుత్తేదారు 2700 అని రాశాడు. ట్రిప్పుల లెక్క అబద్ధం కాదు. కానీ నేలలో బిగుసుకుని ఉన్న మట్టిని పార పెట్టి లేపితే గడ్డల మధ్య ఖాళీలు ఏర్పడి పొంగుతుంది. మా మట్టి నాలుగో వంతు పొంగింది. రవాణాకు 27 ట్రిప్పుల డబ్బు ఇవ్వడం న్యాయం, తవ్వకానికి ఇవ్వాల్సింది 2160కే. మిగతా 540 ఎవరూ తవ్వని మట్టి. ప్రభుత్వ పనుల్లో కూడా తవ్వకాన్ని గుంత పొడవు, వెడల్పు, లోతులతోనే కొలుస్తారు, పొంగును కలపరు. కాబట్టి బెడ్డు కాంక్రీట్ పడకముందే టేపు పట్టుకుని గుంతలోకి దిగండి, కొలతల కాగితంపై ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ తర్వాత కొలవడానికి గుంత ఉండదు.

మీ మట్టి ఎంత పొంగుతుందో తేల్చుకోవడం సులువు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు చిన్న గుంత తవ్వి, వచ్చిన మట్టిని లీటర్ల గుర్తులున్న బకెట్‌తో నొక్కకుండా కొలవండి. ఆ గుంత 28 లీటర్లు. మట్టి 35 లీటర్లు వస్తే పావు వంతు పొంగినట్టు. ఇసుక తక్కువ పొంగుతుంది, బంకమట్టి ఎక్కువ.

ఈ పొంగు తిరిగి పూడ్చేటప్పుడు మళ్లీ దెబ్బకొట్టింది. బెడ్డు, ఫుటింగ్, పిల్లర్ మొదలు కలిసి గుంతకు సుమారు 30 ఘనపు అడుగులు ఆక్రమిస్తాయి. అంటే పూడ్చాల్సింది 1800. కళ్లం నుంచి 18 ట్రిప్పులు చాలని తెప్పించారు. పొరపొరకూ నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టేసరికి గుంతలు నిండనేలేదు. బాగా అణిచితే మట్టి దాదాపు పాత బిగువుకు వస్తుంది కాబట్టి 22, 23 ట్రిప్పులు కావాలి. ఎవరైనా 18తోనే నింపేశామంటే దిమ్మిస కొట్టలేదని అర్థం. రెండు వానలకు గచ్చు కింద నేల కుంగుతుంది.

జేసీబీల గురించి కూడా ఒక మాట. తొందరలో అడుగు లోతు ఎక్కువ తవ్వేసి, అదే మట్టిని గుంత అడుగున పరిచి చదును చేసేస్తారు. దీన్ని అస్సలు ఒప్పుకోవద్దు. ఎక్కువైన లోతును బెడ్డు కాంక్రీట్‌తోనే నింపించండి, ఆ ఖర్చు తవ్వినవాడిదే. చివరి అరడుగు మనుషులతో తవ్విస్తే ఈ గొడవే రాదు.

ప్రహరీ లెక్క వేరు. రాతి కట్టడానికి చెక్కలు అక్కర్లేదు, కాబట్టి 3 అడుగుల లోతు కందకానికి బెడ్డు వెడల్పే చాలు. అక్కడ అడుగు అదనంగా రాస్తే కొట్టేయండి. చూసుకోవాల్సింది పొడవు. మా ప్రహరీ కందకం బయటి అంచుల కొలత 50, 30 అడుగులు, కందకం వెడల్పు 2 అడుగులు. బయటి చుట్టుకొలత 160 పట్టుకుంటే నాలుగు మూలలూ రెండేసిసార్లు లెక్కలోకి వస్తాయి. కందకం మధ్య గీత వెంట కొలిస్తే 48, 28 చొప్పున 152 అడుగులే, తవ్వకం 912 ఘనపు అడుగులు. కందకం ఎక్కడైనా పిల్లర్ గుంతలోకి కలిస్తే ఆ ముక్క ముందే గుంత లెక్కలో వచ్చేసింది, పొడవులోంచి తీసేయండి.