కార్డు మెషీన్‌లో టిప్ ఎప్పుడు కలుస్తుంది?

అమెరికాలో రెస్టారెంట్‌కి వెళ్తే టేబుల్ దగ్గరికే కార్డు మెషీన్ తెస్తున్నారు. టిప్ విడిగా ఇంకోసారి కట్ అవుతుందా?

కాదు, కార్డు చదివించే ముందే టిప్ ఎంచుకుంటే అది బిల్లులో కలిసి, మొత్తం ఒకేసారి కట్ అవుతుంది.

మెషీన్ ముందు బిల్లు చూపిస్తుంది, తర్వాత 18, 20, 22 శాతం లాంటి బటన్లు, వాటితో పాటు No Tip, Custom అనేవి వస్తాయి. మీరు ఒకటి నొక్కాకే మొత్తం తేలుతుంది. బ్యాంకు అనుమతి అడిగేది ఆ మొత్తానికే.

తిన్నది 40 డాలర్లు, పన్ను 3.20 అనుకుందాం. బిల్లు 43.20. 20 శాతం నొక్కితే టిప్ 8.64, కార్డు మీద పడేది 51.84. కొన్ని చోట్ల పన్ను లేకుండా 40 మీదే లెక్కిస్తారు, అప్పుడు టిప్ సరిగ్గా 8. ఇది రెస్టారెంట్ పెట్టుకున్న సెట్టింగ్ కాబట్టి శాతం కాదు, డాలర్ల అంకె చూసి నొక్కండి.

చాలామంది పొరపాటు పడేది పాత కాగితం స్లిప్ పద్ధతితో కలిపి చూడటం వల్ల. అక్కడ ముందు 43.20కే అనుమతి తీసుకుని, మీరు పెన్నుతో రాసిన టిప్‌ను తర్వాత కలుపుతారు. అందుకే బ్యాంకు యాప్‌లో మొదట తక్కువ, ఒకటి రెండు రోజులకు ఎక్కువ కనిపిస్తుంది. అది రెండో చార్జీ కాదు, అదే చార్జీ పూర్తయిన రూపం. మెషీన్‌లో టిప్ ఇచ్చాక కాగితం మీద మళ్లీ రాయకండి. పెద్ద గుంపుగా వెళ్తే బిల్లులో Gratuity పేరుతో టిప్ ముందే కలిపి ఉందేమో కూడా చూసుకోండి.